కొరకు కాదు, వలన కాదు

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతున్నప్పటి మాట. ఒక సాయంత్రం గోంగూర వలుస్తూ కూర్చున్నాను. బడివాళ్ళ యాప్‌లో నా ఫోనుకు సందేశం వచ్చింది. "మీ అమ్మాయి తెలుగు యూనిట్ టెస్టులో చేసిన తప్పును సరిదిద్ది రాయడానికి ఒప్పుకోవడం లేదు. రేపు ఉదయం తల్లి గాని, తండ్రి గాని వచ్చి కలవగలరు." చేతులు తుడుచుకుని మళ్ళీ చదివాను. మా పిల్ల మొండిదే. అన్నం దగ్గర, జడ దగ్గర రోజూ యుద్ధమే. కానీ చదువు దగ్గర ఎన్నడూ పేచీ పెట్టలేదు. అందులోనూ తెలుగు దగ్గర.

మేముండేది యూసుఫ్‌గూడలో, కృష్ణానగర్ సందులకు ఆనుకుని. మా ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. ఆయనది గుంటూరు వైపు, నాది మెదక్ వైపు. నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే హీరోయిన్లు తెర మీద పెదవులు కదిపితే, డబ్బింగ్ థియేటరు చీకట్లో మైకు ముందు నిలబడి వాళ్ళకు గొంతు ఇచ్చేదాన్ని. అక్కడే మా పరిచయం, అక్కడే మా గొడవలు, అక్కడి నుంచే పెళ్ళి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళడం తప్ప ఇల్లు కదలదు. పిల్లను జూబ్లీహిల్స్‌లో, గుట్ట మీదున్న ఒక బడిలో వేశాం. ఆ బడిలో తెలుగంటే చాలామంది పిల్లలకు మందు మింగినట్టు. మా పిల్లకు మాత్రం ఇష్టం.

అది బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"ఏంది బిడ్డా, రాయనన్నవంట?"

తల ఎత్తలేదు. సంచిలోంచి కాగితం తీసి నా ముందుకు తోసింది.

విభక్తుల మీద, యూనిట్ టెస్టుకు ఇచ్చిన వర్క్‌షీటు. మొదటి భాగంలో వాక్యాలిచ్చి, గీత గీసిన మాటలో ఉన్న ప్రత్యయం ఏది, అది ఏ విభక్తి, అక్కడ ఏ అర్థం ఇస్తోంది అని అడిగారు. "రైతు నాగలితో పొలం దున్నాడు." తో, తృతీయా విభక్తి, సాధనం అని రాసింది. దాని కిందే "చెల్లెలు అన్నతో బడికి వెళ్ళింది." అక్కడా తో, అక్కడా తృతీయే. కానీ అర్థం దగ్గర "తోడుగా" అని రాసింది. అన్న నాగలి కాడు కదా! "కొండ చెట్టు కంటె ఎత్తు." కంటె, పంచమి, పోలిక. అన్నీ సరైనవే. పక్కన ఎర్రటి టిక్కులు. నాకు ముచ్చటేసింది. మా ఊళ్ళో, మా సర్కారు బడిలో "డు, ము, వు, లు ప్రథమా విభక్తి, ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి" అని గొంతు చించుకుని వల్లె వేసేవాళ్ళం. అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నీ కాదు.

రెండో భాగం ఖాళీలు. పక్కన కుండలీకరణాల్లో నాలుగు ప్రత్యయాలు: చేత, కొరకు, వలన, కంటె. సరైనది ఎన్నుకుని పూరించాలి. చివరి వాక్యం ఇది:

"అమ్మ నా ______ ఉద్యోగం మానేసింది."

మా అమ్మాయి "వలన" అని రాసింది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి సారు "కొరకు" అని రాశారు. కింద, "వాక్యాన్ని సరిచేసి ఐదుసార్లు రాయండి."

"సారు చెప్పినట్టు రాస్తే అయిపోతది కదా," అన్నాను.

"రాయను. అబద్ధం ఐదుసార్లు రాయాలా?"

"గిండ్ల అబద్ధమేముంది?"

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళేమీ లేవు. సారు పాఠం చెప్పినట్టే, వేలు మడుస్తూ చెప్పింది. "కొరకు చతుర్థీ విభక్తి. ఒక పని ఎవరి మేలుకో, దేని ప్రయోజనానికో జరిగితే అక్కడ కొరకు వస్తుంది. వలన పంచమి. దేని కారణంగా జరిగిందో దాని పక్కన వస్తుంది. నువ్వు మానేసినందుకు నాకేం మేలు జరిగింది? ఇంట్లో ఉండి పొద్దున్నుంచీ అందరి మీదా అరుస్తుంటావ్. పాత సినిమా వస్తే టీవీ కట్టేస్తావ్. కానీ కారణం నేనే. నానమ్మ అంటుంది కదా, నా వల్లే మానేశావని. నాన్న కూడా ఫ్రెండ్స్‌కి చెప్తాడు. 'పాప వల్ల మానేసింది గానీ, లేకపోతే పెద్ద ఆర్టిస్టయ్యేది' అని. మరి వలన కరెక్టే కదా?"

మైకు ముందు ఎంతోమంది ఏడుపులు ఏడ్చాను, అరుపులు అరిచాను. ఆ పూట నా పిల్లకు చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

అత్తమ్మ సంగతి నాకు తెలుసు. చర్చిలో ఎవరైనా "కోడలు సినిమాలకు గొంతు చెప్పేదట కదా" అని అడిగితే, "అవునమ్మా, ప్రభువిచ్చిన బిడ్డ కోసం అన్నీ వదులుకుంది" అని నన్ను ఎంతో పెద్దదాన్ని చేసి చెబుతుంది. అదే ఇంట్లో, పిల్ల ఏదైనా పగలగొట్టినప్పుడో, చెప్పిన మాట విననప్పుడో, "నీ వల్లే కదే మీ అమ్మ ఇంట్లో కూలబడింది" అంటుంది. బయటికి కోసం, లోపలికి వల్ల. నేను రెండూ విన్నాను. పెద్దావిడ ఏదో అంటోంది లెమ్మనుకున్నాను. పిల్ల ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏది నిజమో తేల్చుకుని, పరీక్షలో రాసి వచ్చింది.

"రేపు నేనొస్త," అన్నాను. "సారుతోని నేను మాట్లాడ్త."

"నన్ను రాయమని మాత్రం చెప్పొద్దు," అంది.

నేను పని మానడం దగ్గర జరిగింది వేరు. పిల్ల పుట్టాక కొన్నాళ్ళకు మళ్ళీ డబ్బింగుకు వెళ్ళడం మొదలుపెట్టాను. దాన్ని కూడా తీసుకెళ్ళేదాన్ని. సౌండు మిషన్లుండే కన్సోల్ గదిలో సోఫా మీద పడుకోబెట్టి, గాజు తలుపు ఇవతల మైకు ముందు నిలబడేదాన్ని. ఒకరోజు ముఖ్యమైన సన్నివేశం చెబుతుంటే పిల్ల లేచి ఏడ్చింది. తలుపు సందులోంచి ఏడుపు మైకులో పడింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఏడ్చింది. డబ్బింగ్ ఇన్‌చార్జి బయటికి పిలిచి, ఎంతో మర్యాదగా, "పాప కాస్త పెద్దయ్యాక నేనే పిలుస్తానమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనతో, నీకు పని లేని రోజుల్లో నువ్వు చూసుకో, నేను వెళ్ళొస్తాను అన్నాను. ఆయన నవ్వాడు. "నేను పిల్లని చూసుకుంటూ కూర్చుంటే స్టూడియోలో నన్నెవరు పిలుస్తారు?" అన్నాడు. అత్తమ్మ, "ఆడదానికి ఇల్లు ముందమ్మా" అంది. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మానేస్తావా అని అడిగినవాళ్ళు కూడా లేరు. ఫోన్లు రావడం ఆగిపోయింది. అంతే. దానికే "మానేసింది" అని పేరు పెట్టుకున్నారు.

మర్నాడు పిల్లతో పాటు ఆటోలో బడికి వెళ్ళాను. ముందు కోఆర్డినేటరు గదిలోకి పంపారు. చిన్న వయసు అమ్మాయి, ముందు ల్యాప్‌టాప్.

"మేడమ్, ఇది సింపుల్ ఇష్యూ. ఆన్సర్ కీలో కొరకు ఉంది. స్టూడెంట్ కరెక్షన్ రాస్తే క్లోజ్ చేసేస్తాం," అంది.

"ఆ వాక్యం ఎవరు రాసిన్రు?" అని అడిగాను.

"వర్క్‌షీట్స్ అన్నీ మా కంటెంట్ టీమ్ నుంచి వస్తాయి మేడమ్. అన్ని బ్రాంచెస్‌కీ ఒకటే."

"మరి నాన్న ఉద్యోగం మానేసిండని ఎందుకు రాయలె?"

ఆమె ల్యాప్‌టాప్ లోంచి తలెత్తింది. "తెలుగు సార్‌తో మాట్లాడండి మేడమ్" అంది.

తెలుగు సారు స్టాఫ్ రూములో ఒక మూల బల్ల దగ్గర కాగితాలు దిద్దుతున్నారు. యాభై దాటిన మనిషి. నన్ను చూసి లేచి, కుర్చీ జరిపి, "కూర్చోండమ్మా" అన్నారు. మా అమ్మాయి నా పక్కన నిలబడింది.

"మీ అమ్మాయి నా తరగతిలో బాగా చదివే పిల్లల్లో ఒకతెమ్మా," అని మొదలుపెట్టారు. "విభక్తులు అంత చక్కగా పట్టుకున్నవాళ్ళు తక్కువ. అందుకే నాకు ఆశ్చర్యమేసింది. మార్కు పోయినందుకు కాదు, దిద్ది రాయనన్నందుకు."

"సార్, ఒకటి అడుగుత. మీరు తప్పుగా అనుకోవద్దు," అన్నాను. "ఆ ఖాళీలో వలన అంటే వ్యాకరణం తప్పయితదా?"

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వ్యాకరణం తప్పు కాదమ్మా. 'నా వలన' అన్నా వాక్యం నిలబడుతుంది, 'నా కొరకు' అన్నా నిలబడుతుంది. ప్రత్యయం మారితే అర్థం మారుతుంది. వలన అంటే నేను కారణం. కొరకు అంటే నా మేలు కోసం. తల్లి ఉద్యోగం మానేసిందంటే పిల్లల మేలు కోసమే అని వర్క్‌షీటు రాసినవాళ్ళు అనుకుని ఉంటారు."

"వాళ్ళు అనుకున్నరు. మేము గట్ల అనుకోలె."

"అది నిజమే," అన్నారాయన. "నేను కూడా కీ చూసి దిద్దాను. వాక్యాన్ని చూసి ఉండాల్సింది." తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, "ఒక ఖాళీకి రెండు జవాబులు సరిపోతే, ప్రశ్నలో లోపం ఉన్నట్టు. నువ్వు రాసింది నేను తప్పనను. సరేనా?" అన్నారు.

పిల్ల ముఖం విప్పారింది. గెలిచానన్నట్టు నా వైపు చూసింది. అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. సారు మార్కు ఇచ్చేలా ఉన్నారు. కానీ ఆ కాగితం మీద, నా కూతురి చేతిరాతతో, "అమ్మ నా వలన ఉద్యోగం మానేసింది" అని ఉంది. దాని పక్కన టిక్కు పడుతుంది. నిజమని బడి ముద్ర వేసినట్టు! నా ఒళ్ళు మండిపోయింది.

"లేదు సార్," అన్నాను. "వలన కూడ తప్పే."

ఇద్దరూ నా వైపు చూశారు.

"మానేసింది అన్నదే తప్పు. నేను మానలె."

చెబుతూ కాగితం మీదకు వంగాను. కుండలీకరణాల్లో మొదటి మాట మీద నా చూపు పడింది. చేత. మైకు ముందు ఎన్నిసార్లు పలికానో ఆ మాట. నా చేత తప్పు చేయించావు, నా చేత ఒట్టు వేయించుకున్నావు. హీరోయిన్లందరూ అనేదే.

"గిది సరైన మాట," అని వేలు పెట్టి చూపించాను. "నా చేత మాన్పించిన్రు."

సారు ఎర్ర పెన్ను తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టి, నల్ల పెన్ను తీశారు. ఒక చిత్తుకాగితం మీద మెల్లగా రాశారు: "అమ్మ చేత ఉద్యోగం మాన్పించారు."

"చూడమ్మా," అని మా అమ్మాయిని దగ్గరికి పిలిచారు. "చేత ఏ విభక్తి?"

"తృతీయ."

"క్రియ ఏమైంది?"

"మానేసింది కాస్తా మాన్పించారు అయింది."

"అది ప్రేరణ క్రియ. ఒకరు పని చేస్తారు, ఆ పని చేయించేవాళ్ళు వేరే ఉంటారు. చేత ఎవరి పక్కన వచ్చిందో వాళ్ళు చేసినవాళ్ళు. చేయించినవాళ్ళు కర్త. యజమాని కూలివాళ్ళ చేత గోడ కట్టించాడు అంటే, కట్టింది కూలివాళ్ళు, కట్టించింది యజమాని. మరి ఈ వాక్యంలో కర్త ఎవరు?"

మా అమ్మాయి కాగితం వైపు చూసింది. ఎంతసేపు చూసినా కర్త లేదు.

"లేదు సార్. మాన్పించారు అని ఉంది కానీ ఎవరో లేదు."

"అవును. వాక్యంలో చెప్పలేదు." ఆయన నా వైపు చూడకుండానే అన్నారు. ఏదో అడగబోయి ఆగిపోయారని నాకు తెలిసింది.

"అట్లనే ఉండనీయిన్రి సార్," అన్నాను. "ఇంట్ల చదివేటోళ్ళకు తెలుస్తది."

సారు నవ్వలేదు. జాలి కూడా పడలేదు. అందుకు నాకాయన మీద గౌరవం కలిగింది. "ఒక మాట చెప్పాలమ్మా," అన్నారు. "ఇది మంచి వాక్యం. కానీ ఆ ఖాళీకి ఇది జవాబు కాదు. ఖాళీ పూరించాలంటే మిగతా మాటలు మార్చకూడదు కదా. కాబట్టి దీనికి మార్కు ఇవ్వలేను. వలన అని ఉంచుకుంటే ఇస్తాను."

"మార్కు వద్దు సార్," అంది మా అమ్మాయి. నేను అనబోయే మాట అదే. "నేను ఇదే ఐదుసార్లు రాస్తాను."

"ఇంట్లో సంతకం పెట్టించుకు రా," అన్నారాయన.

బయటికొచ్చాక మెట్ల దగ్గర పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఏడో తరగతికి వచ్చాక బడిలో నా చెయ్యి పట్టుకోవడం మానేసింది. "అయితే నేను కారణం కాదా?" అని అడిగింది. అంత తర్కం మాట్లాడిన పిల్ల, గొంతు చిన్నది చేసుకుని అడిగింది.

"నువ్వు ఏడ్చినవ్. పిల్లలు ఏడుస్తరు. నిన్ను ఎత్తుకునే మనిషి ఇంకొకరు లేకపోవుడు కారణం," అన్నాను. "నువ్వు కాదు. ఇంకెవరన్న నీ వల్ల అంటే, నా ముందట అనమని చెప్పు."

ఆ సాయంత్రం అది బల్ల దగ్గర కూర్చుని, గీతలు కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. అమ్మ చేత ఉద్యోగం మాన్పించారు. ఒక దాని కింద ఒకటి. రాసి నా దగ్గరికి సంతకానికి తెచ్చింది.

"మీ నాన్నతోని పెట్టించు," అన్నాను.

మా ఆయన స్టూడియో నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగుతున్నాడు. అత్తమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పిల్ల కాగితం ఇచ్చింది. ఆయన మామూలుగా పెన్ను తీసి, సంతకం పెట్టబోయి, ఆగాడు. పై నుంచి కింది దాకా చదివాడు.

"ఏంటిది?"

"కరెక్షన్ నాన్నా."

"మాన్పించారంటే ఎవరు?"

"సార్ కూడా అదే అడిగారు. కర్త లేదని చెప్పాను."

ఆయన నా వైపు తిరిగాడు. "ఇంటి విషయాలు బడి దాకా తీసుకెళ్ళావా?"

"నేను తీసుకపోలె. బడి నుంచే ఇంటికొచ్చింది," అన్నాను. "నీ బిడ్డ తన వల్లనే నేను మానేసిననుకుంటున్నది. పరీక్షల రాసింది. నీ దోస్తులకు నువ్వు చెప్తుంటే విన్నది."

"నేనేదో మాటవరసకి అన్నాను."

"దానికి మాటవరస తెల్వదు. విభక్తి తెలుసు."

అత్తమ్మ చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టింది. "ఇప్పుడేమైందమ్మాయ్ అంత రాద్ధాంతం? పిల్ల మంచి కోసమేగా అందరం అన్నాం. నీ మీద నాకేమైనా కక్షా?"

"కక్ష అని నేను అనలె అత్తమ్మా. మీరు అన్నరు, ఈయన అన్నడు, అక్కడ ఇన్‌చార్జి అన్నడు. ముగ్గురు మంచి కోసమే అన్నరు. నేను మానేసిన అని మాత్రం అనొద్దు. పిల్ల వల్ల అని అసలే అనొద్దు. ఇంకోసారి ఈ ఇంట్ల గా మాట వినబడితే నేనూరుకోను."

గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేదు. ఎంత మెల్లగా చెబితే ఎంత దూరం వినబడుతుందో నాకు తెలుసు. అది నా వృత్తి.

ఆయన సంతకం పెట్టలేదు. కాగితం బల్ల మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. నేను పెట్టలేదు. మర్నాడు పిల్ల సంతకం లేకుండానే వెళ్ళింది. ఆ మర్నాడూ అంతే. సారు రేపు తెమ్మన్నారని చెప్పింది. ఒకసారి అత్తమ్మ నా దగ్గరికి వచ్చి, "నువ్వే పెట్టేయరాదా, వాడికి నామోషీగా ఉందేమో" అంది. నాకు లేని నామోషీ ఆయనకెందుకన్నాను. ఆవిడ వెళ్ళి పిల్లకు జడ వేసింది.

ఆ తర్వాత ఒక ఉదయం, కింద ఆటో హారన్ కొడుతుంటే, పిల్ల చెప్పులేసుకుంటూ కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన పెన్ను తీశాడు.

"చదవకుండా పెడుతున్నా," అన్నాడు.

"మొన్న చదివావుగా నాన్నా," అంది అది. సంతకమైన కాగితం లాక్కుని మెట్లు దిగి పరుగెత్తింది.

నేను అంతటితో ఆపలేదు. మళ్ళీ బడికి వెళ్ళి, ఆ వాక్యం వర్క్‌షీటు లోంచి తీసేయమని కోఆర్డినేటరుకు కాగితం మీద రాసిచ్చాను. దాని బదులు పెట్టుకోవడానికి కొన్ని వాక్యాలు కూడా రాశాను. "మొక్క ఎండ వలన వాడిపోయింది." "తాత వైద్యం కొరకు పట్నం వచ్చాడు." వీటికి ఒకటే జవాబు, ఎవరింటి గొడవా లేదు. ఆమె తీసుకుని, పై వాళ్ళకు పంపిస్తానంది. పంపిందో లేదో నాకు తెలియదు. ఏ మార్పూ రాలేదు. పరీక్షల ముందు పునశ్చరణకు అదే వర్క్‌షీటు, అదే వాక్యంతో మళ్ళీ ఇచ్చారు. కానీ తెలుగు సారు మాత్రం తరగతిలో ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, కొరకు పెడితే ఏమర్థమో, వలన పెడితే ఏమర్థమో పిల్లలందరి చేతా చెప్పించారట. ఏది రాసినా, కారణం చెబితే మార్కు ఇచ్చారట. కీ ప్రకారం దిద్దలేదని ఆయన్ని పిలిచి అడిగారని పిల్ల చెప్పింది. సారు ఏమన్నారో దానికి తెలియదు. ఆ తర్వాత కూడా ఆయన అలాగే దిద్దారని తెలుసు.

కోఆర్డినేటరుకు కాగితం ఇచ్చిన రోజు, బడి నుంచి తిరిగొస్తూ నేను ఇంటికి వెళ్ళలేదు. ఆటో అతన్ని ఫిల్మ్‌నగర్ వైపు తిప్పమన్నాను. పాత డబ్బింగ్ థియేటరు అక్కడే ఉంది, బయట రంగు మారింది. ఇన్‌చార్జి కూడా ఆయనే, జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "ఎన్నాళ్ళకమ్మా! పాప బాగుందా? పెద్దదై ఉంటుందే" అన్నాడు.

"పెద్దగై శానా రోజులైంది సార్. మీరు పిలుస్తనన్నరు. పిలవలె. అందుకే నేనే వచ్చిన."

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "హీరోయిన్ గొంతులకు ఇప్పుడంతా కొత్తపిల్లలమ్మా. కొందరైతే వాళ్ళకి వాళ్ళే చెప్పుకుంటున్నారు. ప్రస్తుతానికి గుంపు గొంతులే ఉన్నాయి. సంతలో జనం, పెళ్ళిలో చుట్టాలు, అలాంటివి. నీకు చిన్నతనంగా ఉంటుందేమో."

ఒకప్పుడైతే ఉండేది. "రేపు ఎన్ని గంటలకు?" అని అడిగాను.

ఇంట్లో చెప్పాను. అడగలేదు, చెప్పాను. మా ఆయన, "మరి సాయంత్రాలు పిల్ల సంగతి?" అన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. "నీకు ఏ రోజు పని లేదో చెప్పు, ఆ రోజు నువ్వు. ఇద్దరికీ పనుంటే అత్తమ్మ. అత్తమ్మకు చేతకాకపోతే నేను ఆ రోజు పోను," అన్నాను. అత్తమ్మ, "నాకెందుకు చేతకాదు?" అంది కోపంగా. ఆయన ఒప్పుకున్నాడని కాదు. తర్వాత చాలా రోజులు ముఖం ముడుచుకునే ఉన్నాడు. నేను వెళుతూనే ఉన్నాను.

మొదటిరోజు పెళ్ళి సన్నివేశం. ఒకే మైకు చుట్టూ మేమంతా అర్ధచంద్రాకారంలో నిలబడ్డాం. తెర మీద పెళ్ళివారు తోసుకుంటున్నారు, మేము నోటికొచ్చింది అనుకుంటూ ఉండాలి. ఏ మాటా విడిగా వినబడకూడదు, మొత్తం కలిసి సందడిలా ఉండాలి. పక్కనున్న అమ్మాయి నా చెవిలో, "అక్కా, కొంచెం వెనక్కి జరుగు, నీ గొంతు ఒక్కటే తెలుస్తోంది" అంది. వెనక్కి జరగలేదు. గొంతు తగ్గించడం నాకు వచ్చు. నిలబడ్డచోటు వదలడం నాకిష్టం లేదు.

విరామంలో ఫోన్ మోగింది. మా ఆయన.

"దీనికి రేపు సంధుల పరీక్షంట. గుణసంధి చెప్పమంటోంది. నాకేం తెలుసు? నువ్వెప్పుడొస్తావ్?"

"అయిపోయినంక వస్త. పుస్తకం తీయి, ముందుగాల నువ్వు చదువు, ఆ తర్వాత దానికి చెప్పు."

అవతల పిల్ల నవ్వు వినబడింది. ఆయన ఏదో గొణిగాడు. లోపలి నుంచి ఇన్‌చార్జి కేకేస్తున్నాడు. ఫోన్ కట్టేసి, మంచినీళ్ళు ఒక గుక్క తాగి, లోపలికి వెళ్ళాను.